రాత్రి రాసుకో, పొద్దున పంపు

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పక్కనే మీ అమ్మ ఉంది మరి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అతను న్యూయార్క్‌లో, నువ్వు ఇక్కడ. ప్రేమ అని ఇద్దరిలో ఎవరూ అనలేదు, ఉత్త స్నేహం అంటే ఇద్దరికీ నవ్వొస్తుంది. ఆ మధ్యలో ఉన్న సరసమంతా రోజూ నాలుగు మెసేజ్‌ల మీద నడుస్తోంది, ఈమధ్య ఎందుకో చప్పబడిపోయింది అన్నావు. పెళ్లికి ముందు మీ బాబాయి దూరదేశంలో ఉన్నప్పుడు మేమూ ఇలాగే నెట్టుకొచ్చాం కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

చప్పబడింది ఇష్టమా, వేళలా అన్నది ముందు తేల్చుకో. ఒక కాగితం తీసుకుని రెండు ఊళ్ల గడియారాలూ పక్కపక్కన రాయి. ఇప్పుడు వేసవి లెక్క కాబట్టి న్యూయార్క్ మనకంటే 9:30 గంటలు వెనక. నువ్వు పొద్దున 6:30కి లేచేసరికి అక్కడ ముందురోజు రాత్రి 9. అతను రాత్రి 11:30కి పడుకునేసరికి నీకు పొద్దున 9. అతను ఉదయం 7కి లేస్తే నీకు సాయంత్రం 4:30, ఆఫీసులో ఉంటావు. నువ్వు రాత్రి 11కి పడుకునేసరికి అతనికి మధ్యాహ్నం 1:30, అతను పనిలో ఉంటాడు. ఇద్దరూ మేలుకుని ఉండే గంటలు చాలానే ఉన్నాయి. కానీ ఇద్దరికీ ఒకేసారి మనసు తీరిక ఉండే గంట మాత్రం దాదాపు లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రాత్రి పదిన్నరకి పక్క మీద వాలి, ఇల్లంతా సద్దుమణిగాక, నీకు ఎక్కడలేని ఊసులూ వస్తాయి. మెత్తగా, కొంచెం కొంటెగా ఏదో రాసి పంపేస్తావు. అది అతని ఫోన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి మోగుతుంది. పక్కన నలుగురు, ముందు లాప్‌టాప్. ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకుంటాడు. ఇంత రాస్తే ఇంతేనా అని నీకు మనసు చివుక్కుమంటుంది. అటు అతనూ అంతే. రాత్రి పదికి అతను గుండె విప్పి రాసింది నువ్వు బ్రష్ నోట్లో పెట్టుకుని, బస్సు టైమ్ చూసుకుంటూ చదువుతున్నావు. నీ జవాబు ‘హహ, సాయంత్రం మాట్లాడతా’. ఇద్దరిలోనూ తప్పు లేదు. రాసినవాళ్ల వేళకీ చదివినవాళ్ల వేళకీ పొత్తు కుదరలేదు, అంతే.

అందుకని నేను చెప్పేది ఒక్కటే పద్ధతి. రాత్రి వచ్చిన మాట రాత్రే పంపకు. నీకు నువ్వే మెసేజ్ పెట్టుకునే చాట్ ఉంటుంది కదా, అందులో రాసిపెట్టుకో. పొద్దున ఏడింటికి ఒకసారి చదువు. పగటి వెలుతురులో కూడా బాగుంటే అప్పుడు పంపు. అతనికి అది రాత్రి 9:30. రోజు అయిపోయి ఒళ్లు విరుచుకునే వేళ. నీ రాత్రి మాట అతని రాత్రిలోకే వెళ్తుంది. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. రాత్రి మత్తులో మరీ బరువుగా రాసినవి, మరీ దేబిరించినట్టు రాసినవి పొద్దున్నే నీకే తెలిసిపోతాయి. వాటిలో సగం నువ్వే చెరిపేస్తావు. మిగిలిన సగమే పంపాల్సినవి. ఈ పద్ధతి అతనికీ చెప్పు. తన రాత్రి మాటలు దాచుకుని మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి పంపితే నీకు సాయంత్రం ఆరు. ఇంటిదారిలో తీరిగ్గా చదువుకుంటావు.

మరి రాత్రి పడుకునేముందు ఏం పంపాలి అంటావా? తేలికైనది ఏదైనా. మధ్యాహ్నం పనిలో ఒక్క చూపుతో చదివి నవ్వుకుని పక్కన పెట్టగలిగింది. జవాబు అడగనిది.

టెలిగ్రామ్ వాడుతున్నట్టయితే, పంపే బాణం గుర్తును నొక్కి పట్టుకుంటే Schedule Message అనీ, Send Without Sound అనీ వస్తాయి. రెండోది మంచిది, అతని నిద్ర చెడదు. మొదటిదంటే నాకంత ఇష్టం లేదు. టైమ్ పెట్టి పంపింది చూసి అతను ఉత్సాహంగా వెంటనే నాలుగు లైన్లు రాస్తాడు, నువ్వేమో గాఢనిద్రలో ఉంటావు. మేలుకుని ఉన్న మనిషి పంపినట్టు కనిపించి మనిషి లేకపోవడం ఒకటి రెండుసార్లు జరిగితే ఆ ముచ్చట పోతుంది.

ఇక ఏం రాయాలన్నది. ‘తిన్నావా’, ‘పడుకున్నావా’, ‘ఏంటి విశేషాలు’ అన్నవి పక్కనే ఉన్న మనిషిని అడిగితే బాగుంటాయి. అప్పటికప్పుడు మాటకి మాట వస్తుంది కాబట్టి. ఆరు గంటల తర్వాత ‘ఆ, తిన్నా’ అని జవాబొస్తే దాన్నేం చేసుకుంటాం? ఆలస్యంగా చదివినా చెడిపోని మాట కావాలి. అలాంటివాటిలో అన్నింటికంటే బాగా నిలిచేది రోజుల తరబడి సాగే చిన్న ఆట.

నువ్వు చెప్పిన ముచ్చటే తీసుకుంటాను. అతని మేనేజర్ ప్రతి మాటకీ ‘బేసికల్లీ’ అంటాడని అతనన్నాడు. నువ్వు నవ్వేసి వదిలేశావు. అక్కడే ఓ ఆట ఉంది. మర్నాడు పొద్దున నువ్వు, ‘ఇవాళ లెక్క ఎంత?’ అని మాత్రం రాయి. ఇంకేమీ వద్దు. అతనికి ఒక క్షణం పట్టి అర్థమవుతుంది, ఆ క్షణమే ఇందులో సొగసు. ‘పదకొండు. ఒకటి నాది’ అని వస్తుందనుకో. వెంటనే హహహ అని పెట్టి ముగించకు. సాయంత్రం దాకా ఆగి, ‘నీది లెక్కలోంచి కొట్టేశాను. ఆ గొంతులో అయితే ఎన్నిసార్లయినా వింటాను’ అని రాయి. చూశావా, మొదటి మాట వాళ్ల మేనేజర్ గురించి, మూడో మాట అతని గొంతు గురించి. ‘నీ గొంతంటే ఇష్టం’ అని ఒక్కసారిగా రాస్తే ఇద్దరికీ బరువు. ఇలా వస్తే అతను పట్టుకోవచ్చు, పట్టుకోకుండా నవ్వేసి ఊరుకోనూవచ్చు. సరసానికి ఆ వెసులుబాటు ఉండాలి. వారం తర్వాత ఆట పాతబడుతుంది, పాతబడనీ. మేనేజర్ సెలవు పెట్టిన రోజున ‘ఇవాళ సున్నా, ఏమీ తోచట్లేదు’ అని అతనే రాస్తే, అది లెక్కల గురించి కాదని నీకు తెలుస్తుంది.

ఉడికించడం విషయంలో మాత్రం జాగ్రత్త. ఎదురుగా ఉంటే మొహం చూసి, అయ్యో అనుకుని వెంటనే సర్దేసుకుంటాం. ఇక్కడ నువ్వు ‘నీకు నేనెందుకులే, అక్కడ చాలామంది ఉన్నారుగా’ అని ఏదో సరదాగా పెట్టి పడుకుంటావు. అతను అది ఎలా తీసుకున్నాడో నీకు ఏడు గంటల దాకా తెలియదు. ఆ ఏడు గంటలూ అతను దాన్ని పదిసార్లు చదువుకుంటాడు. కాబట్టి పడుకునేముందు ఆఖరి మెసేజ్‌లో అలక వద్దు, ‘ఒక విషయం మాట్లాడాలి’ వద్దు, ఒంటి ‘సరే’ అస్సలు వద్దు. నిజంగానే ఏదైనా మనసులో ఉంటే అతను ఖాళీగా ఉండే నీ పొద్దుటి పూట, గొంతుతో చెప్పు. ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్‌లో నవ్వుతూ అన్నావో, నొచ్చుకుని అన్నావో ఇట్టే తెలిసిపోతుంది. రెండు నిమిషాలు దాటితే మాత్రం అది ఉపన్యాసం. మీ బాబాయి ఇప్పటికీ అలాంటివే పంపుతారు, నేను రెట్టింపు వేగంలో వింటాను.

జవాబు ఆలస్యమైతే గంటలు లెక్కపెట్టకు. పంపాక అతను ఎన్నిసార్లు నిద్రలేచాడో, ఎన్నిసార్లు తీరిక దొరికిందో చూడు. మధ్యాహ్నం 12కి పంపితే అతనికి రాత్రి 2:30. సాయంత్రం 5 దాకా మాట రాకపోవడంలో వింతేమీ లేదు. లాస్ట్ సీన్ చూసి టెన్షన్ పడే అలవాటుంటే, నీది కనిపించకుండా పెట్టుకో. వాట్సాప్‌లో అప్పుడు అతనిదీ నీకు కనిపించదు, పీడ వదులుతుంది. జవాబు రాని మెసేజ్ మీద ఇంకోటి, దాని మీద ‘??’ పేర్చకు. తనకి తీరిక దొరికినప్పుడు తెరిచి చూస్తే అదంతా బాకీలా కనిపిస్తుంది.

అసలు తగ్గిపోతోందని తెలిపే గుర్తు ఆలస్యం కాదు. చాట్‌ని రెండు వారాలు వెనక్కి జరిపి చూడు. రోజూ మొదలుపెట్టింది ఎవరు? నువ్వెప్పుడో అన్న మాటని అతను తనంతట తాను మళ్లీ ఎత్తాడా? నువ్వడిగినదానికి మాత్రమే చెప్పి, తిరిగి ఏమీ అడగకుండా ఉన్న రోజులే వరసగా ఉంటే, ఆలస్యం లేకపోయినా అక్కడ సరసం లేదు. అలాంటప్పుడు మాట్లాడకుండా ఉండి పరీక్షలు పెట్టకు. ‘ఈమధ్య నేనే వాగుతున్నట్టున్నాను, బిజీగా ఉన్నావా, బోర్ కొడుతున్నానా?’ అని తేలిగ్గా అడుగు. వచ్చే జవాబులో ఆదుర్దా ఉంటే పని ఒత్తిడి. వట్టి మర్యాద ఉంటే నీకే అర్థమవుతుంది.

పెద్దదాన్ని కాబట్టి ఇదొకటి చెప్పకుండా ఉండలేను. మీరు వీడియోలో చూసుకుంటున్నారు కాబట్టి నాకు దిగులు లేదు. కెమెరా ముందుకి రాకుండా నెలల తరబడి మాటలే చెప్తూ, ఏదో ఒకనాడు డబ్బు అడిగేవాళ్ల సంగతి వేరు. వాళ్లతో మాట ఆ క్షణమే ఆపేయాలి. అలాగే, సరసం ఎంత ముదిరినా బయటపడితే నువ్వు నలిగిపోయే ఫోటో పంపకు. 24 గంటల్లో మాయమయ్యే మెసేజ్ అని సెట్ చేసినా అవతలివాళ్లు ఈలోగా దాచుకోవచ్చు.

చివరగా, నవంబర్ సంగతి గుర్తుపెట్టుకో. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మన దగ్గర అలాంటిదేమీ లేదు. తేడా 10:30 గంటలవుతుంది. మళ్లీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. అతను ఎప్పట్లాగే తన రాత్రి 9:30కి ఫోన్ తీసుకుంటే నీకు ఏడు కాదు, ఎనిమిది. అంటే సరిగ్గా నువ్వు చెప్పులు వేసుకునే వేళ. ఏడింటికి చూసి, ‘ఇవాళ కూడా పలకలేదు’ అని నువ్వు, ఎనిమిదికి ముక్తసరిగా మాట్లాడావని అతను, ఊరికే మూతులు ముడుచుకుంటారు. మాకు ప్రతి ఏడూ ఆ వారంలోనే గొడవయ్యేది. కాబట్టి అక్టోబర్ చివర్లోనే ఆ కాగితం మళ్లీ రాయి. అతన్ని అరగంట ముందు ఫోన్ తియ్యమను, నువ్వు అరగంట ముందు తయారవ్వు. 7:30కి ఇద్దరికీ కుదురుతుంది.

మీ అమ్మకి నేనేమీ చెప్పలేదు. చెప్పే పని నీదే. మరీ ఆలస్యం చేయకు, అడిగితే నేను అబద్ధమాడలేను.

మీ పిన్ని