రెండు ఉద్యోగాలు, ఒకే 20 గంటల పరిమితి: వారం లెక్క ఎలా రాసుకోవాలి

ప్రశ్న: ఇంగ్లండ్‌లో స్టూడెంట్ వీసా మీద ఎంఎస్సీ చదువుతున్నాను. వారానికి ఒక నైట్ షిఫ్ట్ కేర్ హోమ్‌లో (12 గంటలు), రెండు సాయంత్రాలు సూపర్ మార్కెట్‌లో (మొత్తం 8 గంటలు) చేస్తున్నాను. రెండు చోట్లా రోటా మారుతూనే ఉంటుంది. టర్మ్‌లో 20 గంటలు దాటకుండా లెక్క ఎలా పెట్టుకోవాలి? రెండు పేస్లిప్పులూ కలిపి చూసుకుంటే సరిపోతుందా?

జవాబు:

పేస్లిప్పులు సరిపోవు. నేను లెస్టర్‌లో పీజీ చదివిన రోజుల్లో కేర్ హోమ్‌లోనూ ఒక క్యాంటీన్‌లోనూ ఏకకాలంలో పనిచేశాను కాబట్టి, ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో దగ్గరగా చూశాను. పేస్లిప్ నెలకొకసారి వస్తుంది. రెండు సంస్థల కటాఫ్ తేదీలు వేరువేరుగా ఉంటాయి, అదనంగా చేసిన షిఫ్ట్ డబ్బు తరచూ మరుసటి నెలలో పడుతుంది. అందువల్ల ఈ నెల పేస్లిప్‌లో కనిపించే గంటలు ఏ వారానివో దాన్ని చూసి చెప్పలేము. మీ వీసా షరతు మాత్రం నెలను చూడదు, సగటును చూడదు. సోమవారం మొదలై ఆదివారం అర్ధరాత్రితో ముగిసే ఏడు రోజులను ఒక వారంగా తీసుకుని, అందులో అన్ని చోట్లా చేసిన పని కలిపి 20 గంటలకు మించకూడదని చెబుతుంది. కిందటి వారం 10 గంటలే చేశాను కాబట్టి ఈ వారం 30 చేయవచ్చనుకోవడానికి వీలు లేదు. జీతం లేకుండా చేసిన ట్రైనింగ్, ఇండక్షన్ గంటలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఇక్కడ అసలు చిక్కు ఏమిటంటే, మీ రెండు సంస్థల్లో ఎవరి వారం వారికి ఉంటుంది. సూపర్ మార్కెట్లలో చాలా చోట్ల రోటా వారం ఆదివారం మొదలై శనివారంతో ముగుస్తుంది. కేర్ హోమ్‌లు సాధారణంగా నైట్ షిఫ్ట్‌ను అది మొదలైన రోజు ఖాతాలోనే మొత్తంగా వేస్తాయి. ఈ రెండు పద్ధతుల్లో ఏదీ సోమవారం నుంచి ఆదివారం వరకు ఉండే మీ వీసా వారంతో కలవదు. ఎవరి రోటా చూసినా అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తూ, కలిపితే పరిమితి దాటిపోయే పరిస్థితి దీనివల్లే వస్తుంది.

మీ అంకెలతోనే చూద్దాం. మీరు కేర్ హోమ్‌లో ప్రతి ఆదివారం రాత్రి 8 నుంచి సోమవారం ఉదయం 8 వరకు పనిచేస్తున్నారనుకుందాం. ఆ 12 గంటల్లో అర్ధరాత్రికి ముందున్న 4 గంటలు ముగుస్తున్న వారానికి, తర్వాతి 8 గంటలు కొత్త వారానికి చెందుతాయి. ప్రతి వారం ఇదే క్రమం నడిచినంత కాలం సోమవారం తెల్లవారుజాము 8, ఆదివారం రాత్రి 4 కలిసి 12 అవుతాయి, సూపర్ మార్కెట్ 8 కలిపితే సరిగ్గా 20. ఇప్పుడు 2025 నవంబర్ 9 ఆదివారం రాత్రి షిఫ్ట్ యథాప్రకారం చేశాక, మేనేజర్ తర్వాతి షిఫ్ట్‌ను 14వ తేదీ శుక్రవారం రాత్రికి మార్చారనుకోండి. కేర్ హోమ్ రోటాలో వారానికి ఒకే షిఫ్ట్ కనిపిస్తుంది, కాబట్టి వారి దృష్టిలో మార్పేమీ లేదు. మీ వీసా వారంలో మాత్రం 10వ తేదీ సోమవారం ఉదయం వరకు 8 గంటలు, మంగళవారం, గురువారం సూపర్ మార్కెట్‌లో నాలుగేసి గంటల చొప్పున 8, శుక్రవారం రాత్రి నుంచి శనివారం ఉదయం వరకు 12, అన్నీ కలిపి 28 గంటలు పడతాయి. ఎవరూ మీకు ఒక్క గంట కూడా ఎక్కువ ఇవ్వలేదు, అయినా పరిమితికి 8 గంటలు పైకి వెళ్లారు.

ఈ కారణంగానే నేను కేర్ హోమ్‌లో చేరేటప్పుడే ఆదివారం రాత్రి షిఫ్ట్ వద్దని చెప్పి, సోమవారం నుంచి శనివారం వరకు ఏ రాత్రయినా సరేనన్నాను. శనివారం రాత్రి మొదలైన షిఫ్ట్ ఆదివారం ఉదయం ముగుస్తుంది, అంటే ఏ షిఫ్ట్ అయినా ఒకే వారంలో మొదలై అదే వారంలో ముగుస్తుంది. మీకు వీలైతే ముందుగా ఈ మార్పు అడగండి. షీట్లూ ఫార్ములాలూ చేసే పనిలో సగం ఈ ఒక్క నిర్ణయమే చేస్తుంది.

మిగతా సగం కోసం ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో ఒకే షీట్ పెట్టుకోండి, రెండు ఉద్యోగాలకు రెండు షీట్లు వద్దు. A కాలమ్‌లో తేదీ, Bలో సంస్థ, Cలో మొదలైన సమయం, Dలో ముగిసిన సమయం రాయండి. అర్ధరాత్రి దాటే షిఫ్ట్‌ను రెండు వరుసలుగా విడదీయండి: మొదటి వరుస 20:00 నుంచి 24:00 వరకు, మరుసటి రోజు తేదీతో రెండో వరుస 00:00 నుంచి 08:00 వరకు. తర్వాత E2లో గంటలు, F2లో ఆ తేదీ ఏ సోమవారంతో మొదలైన వారానిదో వచ్చేలా ఈ ఫార్ములాలు వేసి కిందికి లాగండి:

```
E2: =(D2-C2)*24
F2: =A2-WEEKDAY(A2,2)+1
```

పక్కన H కాలమ్‌లో టర్మ్‌లోని సోమవారాల తేదీలన్నీ రాసుకుని, ప్రతి వారానికి మొత్తం, ఇంకా మిగిలిన గంటలు ఇలా తెచ్చుకోవచ్చు:

```
I2: =SUMIFS(E:E,F:F,H2)
J2: =20-I2
```

E కాలమ్‌లో 4 అని రావలసిన చోట గడియారం సమయంలా ఏదో కనిపిస్తే ఫార్ములా తప్పు కాదు, ఆ కాలమ్ ఫార్మాట్‌ను నంబర్‌గా మార్చండి. F కాలమ్‌లో తేదీ బదులు అయిదంకెల సంఖ్య కనిపిస్తే దాన్ని తేదీ ఫార్మాట్‌కు మార్చండి.

ఈ షీట్ చేసిన పనికి డైరీ కాదు, ఒప్పుకున్న పనికి ఖాతా. షిఫ్ట్ చేశాక రాస్తే, దాటిపోయిన సంగతి దాటిన తర్వాతే తెలుస్తుంది. రోటా వచ్చిన రోజే రాబోయే షిఫ్టులన్నీ ఎక్కించి, షిఫ్ట్ చేశాక అసలు సమయాలతో దిద్దాలి. ఎవరైనా ఫోన్ చేసి ‘రేపు రాగలవా’ అని అడిగితే, ముందు ఆ వరుస షీట్‌లో రాసి, J కాలమ్ సున్నా కంటే తగ్గలేదని చూశాకే సరేననాలి. సూపర్ మార్కెట్ వారు ఆదివారం అదనపు షిఫ్ట్ ఇచ్చి ‘ఇది వచ్చే వారం లెక్కలోకి వస్తుందిలే’ అన్నప్పుడు ఈ అలవాటు విలువ తెలుస్తుంది. వారి రోటా ప్రకారం ఆ మాట నిజమే, మీ వీసా ప్రకారం ఆ ఆదివారం ఇంకా ఈ వారమే.

మీ ప్రస్తుత అమరికలో నాకు నిజంగా ఆందోళన కలిగించేది 12, 8 కలిపి సరిగ్గా 20 కావడం. 20 గంటలు చేయడం తప్పు కాదు, 20 గంటల 15 నిమిషాలు మాత్రం ఉల్లంఘనే. కేర్ హోమ్‌లో ఉదయం షిఫ్ట్ వాళ్లు వచ్చి హ్యాండోవర్ తీసుకునే దాకా రాత్రివాళ్లు కదలలేరు. రాత్రి ఎవరు నిద్రపోలేదు, ఎవరికి మందు ఆలస్యమైంది, ఎవరు పడిపోయారు అన్నది చెప్పి ఫైల్‌లో రాసే సరికి పావుగంట సులభంగా గడిచిపోతుంది, బస్సు రాక వచ్చేవారు ఆలస్యమైతే అరగంట. వృద్ధులను అలా వదిలి రావడం కుదరదు, వదలకూడదు కూడా. కాబట్టి సూపర్ మార్కెట్‌ను 6 గంటలకు తగ్గించుకుని, ఆ రెండు గంటలను ఇలాంటి వాటి కోసం ఖాళీగా ఉంచమని గట్టిగా చెబుతాను. 12 గంటల షిఫ్ట్‌లో ఒక గంట విరామానికి జీతం లేకపోతే పేస్లిప్‌లో 11 కనిపిస్తుంది. నేను మాత్రం లోపలికి వెళ్లిన సమయం నుంచి బయటికి వచ్చిన సమయం వరకు పూర్తిగా లెక్కించేవాణ్ణి, ఎందుకంటే విరామంలో నిజంగా పని చేయలేదని తర్వాతెప్పుడో నిరూపించవలసి రావడం కంటే ఆ గంటను వదులుకోవడం తేలిక. అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి వెళతాయని కూడా గుర్తుంచుకోండి. ఆ శనివారం రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు చేస్తే 13 గంటలు అవుతాయి, షీట్ 12 అనే చూపిస్తుంది, ఆ వరుసలో గంట మీరే కలపాలి.

రెండో ఉద్యోగంలో చేరేటప్పుడు పన్ను ఫారంలో మరో ఉద్యోగం ఉందని రాశారు కదా, గంటల సంగతి వాళ్లే చూసుకుంటారని చాలామంది అనుకుంటారు. ఆ ఫారం వల్ల వారికి తెలిసేది పన్ను కోడ్ ఏది వాడాలన్నదే, అవతలి చోట మీరు ఎన్ని గంటలు చేస్తున్నారన్నది కాదు. మీరిచ్చిన షేర్ కోడ్‌తో వారు ఆన్‌లైన్‌లో మీ వీసా వివరాలు చూసినప్పుడు కూడా మీ పని గంటల పరిమితి కనిపిస్తుందే తప్ప, అందులో ఎంత వాడుకున్నారో కనిపించదు. అయితే రెండు సంస్థలూ జీతం ఇచ్చిన ప్రతిసారీ మీ నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్‌తో పన్ను శాఖకు వివరాలు పంపుతాయి, హోం ఆఫీస్ వాటిని తెప్పించుకోగలదు. అంటే ఆ వారం కూడిక వేసేవారు మీరు తప్ప ఎవరూ ఉండరు, తర్వాత వేయగలిగేవారు మాత్రం ఉంటారు.

అందుకే ఇద్దరు మేనేజర్లకూ ఒక్కొక్క ఈమెయిల్ పంపండి. ‘నా వీసా ప్రకారం టర్మ్‌లో సోమవారం నుంచి ఆదివారం వరకు అన్ని ఉద్యోగాలూ కలిపి 20 గంటలే చేయగలను. నాకు మరో ఉద్యోగం ఉంది కాబట్టి మీ దగ్గర ఆ వారంలో ఇన్ని గంటలకు మించి చేయలేను’ అని అంకెతో సహా రాయండి. నోటిమాటగా చెబితే రోటా వేసే మనిషి మారినప్పుడు ఆ మాట పోతుంది. నిబంధన ఉల్లంఘించి పని ఇస్తే సంస్థకూ పెద్ద జరిమానా పడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి మొదటిసారి పట్టుబడితే ఒక్కొక్క ఉద్యోగికి 45,000 పౌండ్ల వరకు ఉంది. అందువల్ల రాతపూర్వకంగా చెప్పినవారి మాటను మేనేజర్లు సాధారణంగా కాదనరు. నా కేర్ హోమ్‌లో ఒక డిప్యూటీ మేనేజర్ రెండుసార్లు పట్టుబట్టి అడిగినప్పుడు, ఆ పాత ఈమెయిల్‌కే జవాబుగా ‘ఈ వారం నాకు 2 గంటలే మిగిలాయి’ అని పంపాను, విషయం అక్కడితో ఆగింది.

రోటా స్క్రీన్‌షాట్లు, క్లాక్ ఇన్ రికార్డులు, ఆ ఈమెయిళ్లు నెలవారీగా ఒక ఫోల్డర్‌లో ఉంచుకోండి. పేస్లిప్ ఉపయోగపడేది ఇక్కడే: అది చేతికి వచ్చినప్పుడు అందులోని మొత్తం గంటలను, అదే కటాఫ్ తేదీల మధ్య మీ షీట్‌లో ఉన్న గంటలతో పోల్చి, తేడా ఉంటే వెంటనే పేరోల్ వారిని అడగండి.

చివరగా, ‘టర్మ్’ అంటే తరగతులు జరిగే రోజులే అనుకోకండి. ఏడాది ఎంఎస్సీలో వేసవి నెలలు సాధారణంగా డిసర్టేషన్ కాలం, దాన్ని సెలవుగా లెక్కించరు. బ్యాచిలర్స్ డిగ్రీ చదివే తోటి కుర్రాళ్లు జూలైలో ఫుల్ టైమ్ చేస్తున్నారని చూసి మీరూ మొదలుపెట్టకూడదు. మీ కోర్సుకు సంబంధించిన టర్మ్ తేదీల లేఖ యూనివర్సిటీ నుంచి తీసుకుని ఇద్దరు యజమానులకూ ఇవ్వండి, పరిమితి లేదని ఆ లేఖ చెప్పే వారాలను మాత్రమే H కాలమ్ నుంచి తీసేయండి. వారం మధ్యలో టర్మ్ ముగిస్తే, ఆ వారం మొత్తానికీ 20 దగ్గరే ఆగడం మంచిది.