జుట్టు నల్లబడింది, మీసం మిగిలిపోయింది

ప్రశ్న: ఫోటోలో తెల్లజుట్టును సహజంగా నల్లగా మార్చాలి. ఫోటోషాప్‌లో Hue ఎంత జరిపినా ఏమీ మారట్లేదు, ఎందుకు?

మారదు. Hue ఉన్న రంగును తిప్పుతుంది, తెల్లజుట్టులో తిప్పడానికి రంగే ఉండదు. ముందు జుట్టు ముదురు కావాలి, రంగు సంగతి తర్వాత.

మా బాబాయి ఫోటోతో నేనూ ఇలాగే కుస్తీ పట్టాను. Colorize టిక్ చేస్తే ఎండుగడ్డి రంగొచ్చింది. Lightness తగ్గిస్తే తల మీద బురద పూసినట్టు తయారైంది. చాట్‌లో పంపిన ఫోటో కావడం ఇంకో ఖర్మ. కుదించినప్పుడే సన్న వెంట్రుకలన్నీ ముద్దలైపోతాయి. అసలు ఫైలు పంపమంటే జనానికి ఎందుకంత కోపమో!

ఒరిజినల్ వచ్చాక దారి దొరికింది. Ctrl+Alt+2 కొడితే ఫోటోలో ఎంత వెలుగున్న చోట అంత బలంగా సెలెక్షన్ పడుతుంది. అప్పుడే Curves లేయర్ పెడితే ఆ సెలెక్షనే మాస్క్ అవుతుంది. కర్వ్ కిందికి దించితే తెల్ల వెంట్రుకలు బాగా ముదురవుతాయి, నల్లవి దాదాపు అలాగే ఉంటాయి. ముఖం, చొక్కా కూడా నల్లబడతాయి కాబట్టి ఆ లేయర్‌ను గ్రూపులో పెట్టి, గ్రూపుకు నల్ల మాస్క్ తగిలించి, జుట్టు మీద మాత్రం తెల్ల బ్రష్ తిప్పాను.

కర్వ్ కుడి కొసను 255 నుంచి 110 దగ్గరికి దించితే చాలు. ఆత్రంగా 60కి లాగి చూశాను: తెల్ల వెంట్రుకా బూడిద వెంట్రుకా ఒకటే అయిపోయి మెరుపు చచ్చిపోయింది. ఇంకా ముదురు కావాలంటే అదే గ్రూపులో పైన మాస్క్ లేని మామూలు Curves ఇంకోటి, కొద్దిగా.

రంగు ఆఖర్న. అదే గ్రూపులో పైన Solid Color లేయర్, మోడ్ Color, Opacity 30 చుట్టూ. రంగు ఆయన తల వెనక మిగిలిన నల్లజుట్టులోంచే తీశాను. అది జూమ్ చేస్తే ముదురు గోధుమే. బొగ్గు నలుపు వేస్తే విగ్గే.

నుదుటి అంచులో Flow 10 పెట్టిన మెత్తటి బ్రష్ వాడండి. పాపిట్లో మాస్క్ చర్మం మీదికి పోతే రంగు కారినట్టుంటుంది, ఇట్టే పట్టేస్తారు. కణతల దగ్గర కాస్త నెరుపు ఉంచాలనేది నా పట్టు. ముడతలున్న ముఖానికి నిగనిగలాడే తల అతకదు.

అంతా అయ్యి గర్వంగా చూపిస్తే బాబాయి కళ్లజోడు సర్దుకుని, "తల నాదే, మీసం ఎవరిదిరా?" అన్నాడు. మీసం, కనుబొమ్మలు మర్చిపోయాను. మళ్లీ అరగంట.