పై మేనేజర్‌కి మెయిల్ ఎలా రాయాలి?

"నా రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్ మేనేజర్ దగ్గరే ఆగిపోయింది. రెండుసార్లు గుర్తు చేశాను. ఆయన పైవాళ్లకి రాస్తే చాడీ చెప్పినట్టు అవుతుందా?"

ముందు ఆయనకే చెప్పి రాస్తే అవదండీ. "శుక్రవారంలోగా తేలకపోతే పై మేనేజర్ గారి సాయం అడుగుతాను" అని ఒక లైన్ పంపండి. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది.

కాకపోతే పైవారికి రాసి, ఆయన్ని సీసీలో పెట్టండి. దాచి పంపితేనే అది ఫిర్యాదులా కనిపిస్తుంది. "ఆయన పట్టించుకోవడం లేదు" అనకుండా క్లెయిమ్ గురించే రాయండి:

"మార్చి 3న పెట్టిన క్లెయిమ్ అప్రూవల్ దశలో ఉంది. 10న, 17న గుర్తు చేశాను. 28న అకౌంట్స్ ముగుస్తాయి కాబట్టి 25లోగా అప్రూవ్ చేయించగలరా? ఏదైనా కాగితం తక్కువైతే చెప్పండి, వెంటనే ఇస్తాను."

తేదీలు, గడువుకి కారణం ఉన్నాయి కాబట్టి ఇది గట్టిగానే ఉంటుంది. "ఎన్నిసార్లు అడిగినా" లాంటి మాట ఒక్కటి చేరినా నింద అయిపోతుంది.