టేబుల్‌కి, కిటికీకి, ఫోటో ఫ్రేమ్‌కి ఎంత మందం గాజు తీసుకోవాలి?

ప్రశ్న: టేబుల్ పైకి గాజు వేయించాలి. ఎన్ని ఎంఎం తీసుకోవాలి? కిటికీకి, ఫోటో ఫ్రేమ్‌కి కూడా అదే సరిపోతుందా?

సరిపోదు. చెక్క టేబుల్ మీద పరిచే గాజుకి 5 లేదా 6 ఎంఎం చాలు, కాళ్ల మీదే నిలబడే గాజుకి 10 లేదా 12 ఎంఎం టఫెన్డ్, అంటే బాగా వేడి చేసి వెంటనే చల్లార్చి గట్టిపరిచిన గాజు కావాలి, మామూలు సైజు కిటికీకి 4 లేదా 5 ఎంఎం, ఫోటో ఫ్రేమ్‌కి 2 ఎంఎం.

మందాన్ని తేల్చేది గాజు కింద ఉన్న ఆధారమే. చెక్క మీద పరిచిన గాజు బరువు మోయదు, చెక్కే మోస్తుంది. కాళ్ల మీద ఉన్న గాజు మాత్రం మధ్యలో వంగుతుంది. మందం రెట్టింపైతే వంగడం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఉదాహరణకి 1200 × 750 ఎంఎం టేబుల్, నాలుగు మూలల్లో కాళ్లు అనుకుందాం. దానికి 12 ఎంఎం టఫెన్డ్ వేయాలి. బరువు సుమారు 27 కిలోలు ఉంటుంది కాబట్టి కాళ్లు గట్టివేనా అన్నది ముందే చూసుకోండి.

చాలామంది టఫెన్డ్ అయితే పల్చటిదైనా చాలనుకుంటారు. అది మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు బలమైనదే, పగిలినా చిన్న చిన్న ముక్కలవుతుంది. కానీ అదే మందంలో మామూలు గాజు ఎంత వంగుతుందో అదీ అంతే వంగుతుంది. పైగా టఫెన్ చేశాక కోయడం, రంధ్రం వేయడం కుదరదు, మొత్తం పలకే పగిలిపోతుంది. అందుకే కొలతలు, అంచుల పాలిష్ ఆర్డర్‌లోనే చెప్పాలి. తలుపు పక్కనో, నేలకి దగ్గర్లోనో ఉండే కిటికీకి కూడా టఫెన్డే వేయించండి.