36 రోజుల బిల్లుకు 30 రోజుల శ్లాబు

ప్రశ్న: మాది హైదరాబాద్. నెలకు 195 యూనిట్ల దగ్గర వచ్చే బిల్లు ఈసారి ఒక్కసారిగా పెరిగిపోయింది. యాప్‌లో 238 యూనిట్లు అని ఉంది, స్క్రీన్‌షాట్ పంపుతున్నాను, పాత బిల్లులు పారేశాం. కొత్త ఏసీ లేదు, గీజర్ లేదు. మీటరు స్పీడుగా తిరుగుతోందని, విప్పి చూస్తానని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. రెండు నెలలు బిల్లు కట్టకుండా ఆపేస్తే దారికి వస్తారా?

జవాబు: స్క్రీన్‌షాట్‌లో మీరు యూనిట్లు చూశారు, తేదీలు చూడలేదు. ముందు రీడింగ్ మార్చి 4న, ఇప్పటిది ఏప్రిల్ 9న. అంటే 36 రోజులు. రోజుకు 6.6 యూనిట్లు పడింది. 30 రోజులకు లెక్కేస్తే 198. మీ వాడకం పెరగలేదు, మీటరు పరుగెత్తనూ లేదు.

తెలంగాణలో నెల వాడకం 100 దాటి, 200 దాటకపోతే మొదటి 100 యూనిట్లకు 3.40, తర్వాతి 100కి 4.80 రూపాయల చొప్పున పడుతుంది. 200 దాటిందా, దాటిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. 200 వరకు 5.10, ఆపైన 300 వరకు 7.70. మీ 238కి ఇలాగే 1,312.60 వేశారు. శ్లాబులు నెలకు పెట్టినవి. 36 రోజులకు 200 పరిమితి 240 అవుతుంది. అప్పుడు 120 యూనిట్లు 3.40 చొప్పున, 118 యూనిట్లు 4.80 చొప్పున, మొత్తం 974.40. తేడా 338.20. మీ వివాదం ఇంతే. ఫిక్స్‌డ్ చార్జీ మీ లోడ్ కిలోవాట్లను బట్టి వేసేది, దాని జోలికి వెళ్లకండి.

ఎలక్ట్రీషియన్‌ను మీటరు ముట్టుకోనివ్వకండి. సీలు తెగితే మీ ఫిర్యాదు పక్కకు పోయి, విద్యుత్ చట్టం 135 సెక్షన్ కింద కరెంటు చోరీ కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. బిల్లు ఆపేయడం కూడా తప్పే. 15 రోజుల నోటీసు ఇచ్చి కనెక్షన్ తీసేసే అధికారం వారికి 56వ సెక్షన్ ఇచ్చింది. అదే సెక్షన్‌లో మీకూ ఒక దారి ఉంది: అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు గానీ, ఏది తక్కువైతే అది 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసి కడితే, వివాదం తేలే వరకు కరెంటు తీయకూడదు.

ఒక్క స్క్రీన్‌షాట్ పట్టుకుని వచ్చారు, పాత బిల్లులు పారేశామని రాశారు. 338 రూపాయలు నిరూపించేది ఆ కాగితాలే కదండీ! ఈరోజే యాప్ నుంచి ఆరు నెలల బిల్లులు పూర్తిగా డౌన్‌లోడ్ చేయండి. మీటరు నంబరు, రీడింగ్ రెండూ ఒకే ఫోటోలో పడేలా తీయండి. ఆలస్యం చేస్తే రీడింగ్ ముందుకు పోతుంది, ఆ తేదీన ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు.

పై లెక్కను ఒక పేజీలో రాసి, సర్వీసు నంబరుతో మీ ప్రాంతపు విద్యుత్ సెక్షన్ ఆఫీసులో ఇచ్చి, రశీదు తీసుకోండి. సవరించకపోతే అదే కాగితంతో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. వేదిక ముందు మీరే మాట్లాడుకోవచ్చు, వకీలు ఫీజు దండగ.