తప్పు పాస్‌వర్డ్‌లను ఆపబోతే ల్యాబ్ అంతా ఆగిపోతోంది

విజయనగరంలో మా కాలేజీ ఫీజుల యాప్‌లో ఐదు తప్పులకు ఐపీని బ్లాక్ చేస్తున్నాం. ల్యాబ్‌లో అందరికీ లాగిన్ ఆగిపోతోంది. ఏం చేయాలి?

ల్యాబ్ సిస్టమ్‌లన్నీ సాధారణంగా ఒకే పబ్లిక్ ఐపీతో బయటికి వెళ్తాయి. అందుకే ఒకరి తప్పు అందరికీ తగులుతోంది. అలాగని అకౌంట్‌ను లాక్ చేస్తే, రోల్ నంబర్ తెలిసిన ఏ ఆకతాయైనా ఫీజు ఆఖరి రోజున పక్కవాణ్ణి ఆపేయగలడు. అది ఇంకా అన్యాయం.

అకౌంట్, ఐపీ రెండింటినీ జతగా లెక్కించండి. ఐదో తప్పుకు 30 సెకన్లు ఆపి, తర్వాతి ప్రతి తప్పుకూ రెట్టింపు చేస్తూ 15 నిమిషాల దగ్గర నిలిపేయండి. సరైన పాస్‌వర్డ్ పడితే లెక్క సున్నా.

ఐపీలు మార్చి దాడి చేసేవాడు దీన్ని తప్పించుకుంటాడు. అందుకని అకౌంట్‌కు విడిగా, రోజుకు 50 తప్పుల్లాంటి వదులు లెక్క ఉంచండి. అది దాటితే లాక్ వద్దు, పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ అడగండి. ఇదివరకు లాగిన్ అయిన బ్రౌజర్‌ను కుకీతో గుర్తిస్తే ఆ ఓటీపీ కూడా అక్కర్లేదు.