డక్ట్ బీమ్‌కి తగులుతోంది అన్న ఆర్‌ఎఫ్‌ఐకి జవాబు ఎలా రాయాలంటే

అమ్మాయ్,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ చూశాను. కాంట్రాక్టర్ ఆర్‌ఎఫ్‌ఐలో, అంటే వివరణ కోరుతూ పంపిన కాగితంలో, అడిగింది సూటి ప్రశ్న, కారిడార్ మెయిన్ డక్ట్ బీమ్ కింద పట్టట్లేదు, బీమ్‌కి ఓపెనింగ్ పెట్టుకోవచ్చా లేక సీలింగ్ దించుతారా అని. దానికి నువ్వు రాసింది "సైట్‌లో కోఆర్డినేట్ చేసుకుని సర్దుకోగలరు" అని ఒక్క లైన్. అది జవాబు కాదమ్మా, ప్రశ్నని తిరిగి వాళ్ల మీదకే తోసేయడం. నేను కూడా ఒకప్పుడు ఇలాగే రాశాను, వాళ్లు నిజంగానే సర్దుకున్నారు, బీమ్ కింద ఇన్సులేషన్ పీకేసి ఉత్త రేకుని దూర్చేశారు, ఏసీ ఆన్ చేసిన కొన్నాళ్లకి సరిగ్గా ఆ బీమ్ కిందే సీలింగ్ మీద తడి మరకలు. చల్లటి రేకు మీద నీళ్లు పట్టవా మరి. అడిగితే నా లైనే తీసి చూపించారు, నోరు మూసుకున్నాను.

సరే, ముందు లెక్క. డక్ట్ సైజు 800 బై 400. పైనా కిందా 25 ఎంఎం చొప్పున ఇన్సులేషన్, కింద సపోర్ట్ యాంగిల్‌కి 40, మొత్తం ఎత్తు 490 కావాలి. డ్రాయింగ్ ప్రకారం బీమ్ అడుగు నుంచి సీలింగ్ ఫ్రేమ్ పైభాగానికి 380 ఉంది, నువ్వు దాన్నే పట్టుకుని 1100 బై 280 చేస్తే 370 అవుతుంది 10 మిగులుతుంది కదా అనుకున్నావు. కానీ వాళ్లు పంపిన ఫోటో జూమ్ చేసి చూడు, లేజర్ పెట్టి కొలిస్తే 362 వచ్చింది. షట్టరింగ్ కాస్త కుంగితే బీమ్ అడుగు ఆమాత్రం దిగుతుంది, మామూలే. అంటే నీ 280 డక్ట్ వర్క్‌షాప్‌లో తయారై సైట్‌కి వచ్చాక పట్టేది కాదు. ఎప్పుడైనా సరే క్లాష్‌కి జవాబు రాసే ముందు సైట్‌లో కొలిచిన లెవెల్ అడిగి తీసుకో, ఆ నంబర్‌ని నీ జవాబులోనే రాయి, రేపు ఎవరైనా అడిగితే దేని మీద నిర్ణయం తీసుకున్నావో కనిపిస్తుంది.

నేనైతే ఇచ్చేది బీమ్ దాటే చోట మాత్రం 1200 బై 250. 250కి ఇన్సులేషన్ 50, సపోర్ట్ 40 కలిపితే 340, ఇంకా 22 ఎంఎం ఖాళీ ఉంటుంది. డక్ట్ అడుగు లెవెల్ మార్చొద్దు, పైభాగం మాత్రమే దిగాలి, బీమ్ దాటాక మళ్లీ పైకెక్కాలి, అడుగు అలాగే తిన్నగా పోతే సీలింగ్ వాళ్లకీ గొడవ లేదు గాలికీ అనవసరమైన వంపు ఉండదు. వెడల్పు ఒక్కో పక్క 200 పెరుగుతోంది కాబట్టి ట్రాన్సిషన్, అంటే సైజు మారే ముక్క, పొడవు 750 పెట్టు, అప్పుడు పక్కల వాలు 15 డిగ్రీల లోపు ఉంటుంది. బీమ్ వెడల్పు 300, అటూ ఇటూ 150 చొప్పున కలిపి మధ్యలో చదునైన ముక్క 600, అది ఒకే పీస్ అవ్వాలి, బీమ్ కింద జాయింట్ రాకూడదు అని స్పష్టంగా రాయి. ఎందుకంటే జాయింట్ ఫ్లాంజ్ రేకు మీద నుంచి 35 దాకా లేస్తుంది, అంటే 25 ఇన్సులేషన్ దాటి ఇంకో 10, నీకున్న 22 ఖాళీలో సగం అదే తినేస్తుంది, పైగా అక్కడ బోల్టు బిగించడానికి చెయ్యి పోదు.

చెయ్యి అంటే గుర్తొచ్చింది, ఆ ముక్కకి ఇన్సులేషన్ నేల మీదే చుట్టేసి తర్వాతే పైకెత్తాలి. ఈ ఒక్క వాక్యం రాయకపోతే నా మరకల కథే నీకూ రిపీట్ అవుతుంది.

ఇప్పుడు ఇదే ఎందుకు అనేది రాయాలి, లేకపోతే వాళ్లు మళ్లీ అదే అడుగుతూ ఇంకో ఆర్‌ఎఫ్‌ఐ వేస్తారు. బీమ్ ఓపెనింగ్ సంగతి ముందు తేల్చు. ఇన్సులేషన్‌తో కలిపి డక్ట్‌కి 850 బై 450 రంధ్రం కావాలి, బీమ్ మొత్తం లోతు 600, అందులో పైన 150 స్లాబే. అంటే స్లాబ్ కింద కనిపించే బీమ్ అంతా తీసేసినట్టే, స్టిరప్‌లూ అడుగు రాడ్లూ అన్నీ తెగుతాయి. దీనికి నువ్వు స్ట్రక్చరల్ లెక్కలు చేయక్కర్లేదు, ఆ కొలతలు చూపించి స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో "ఒప్పుకోము" అని ఒక లైన్ రాతపూర్వకంగా తీసుకుని జత చెయ్యి. వాళ్ల తరఫున నువ్వు మాత్రం రాయకు. సీలింగ్ దించడం అయితే, 490కి 362 పోతే 128 తక్కువ, కాస్త ఖాళీతో కలిపి 150 దించాలి, ఒక్క బీమ్ కోసం కారిడార్ మొత్తం దించాలి, ఆర్కిటెక్ట్ ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు.

ఇక గాలి లెక్క. ఇందులో సెకనుకి 1600 లీటర్లు పోతుంది. ఇప్పుడు వేగం 5 మీటర్లు, చదును చేసిన చోట 5.3, శబ్దం దృష్ట్యా అది తేడానే కాదు. కానీ ఏరియా దాదాపు సమానమే కదా అని ఫ్రిక్షన్ కూడా సమానం అనుకోకు, చదునైన డక్ట్‌లో గాలికి రాసుకునే గోడ ఎక్కువ. సమాన వ్యాసం, అంటే అంతే ఫ్రిక్షన్ ఇచ్చే గుండ్రటి డక్ట్ వ్యాసం, లెక్కేస్తే 609 నుంచి 558కి పడుతుంది, ఫ్రిక్షన్ మీటరుకి సుమారు 0.5 పాస్కల్ నుంచి 0.77కి పెరుగుతుంది, ఒకటిన్నర రెట్లు. వినడానికి భయంగా ఉంటుంది గానీ ట్రాన్సిషన్లతో కలిపి మొత్తం మార్పు 2.1 మీటర్లే, కాబట్టి ఫ్రిక్షన్ పెరిగేది 1 పాస్కల్ కూడా లేదు, రెండు ట్రాన్సిషన్ల నష్టం కలుపుకుని 5 వేసుకో. ఫ్యాన్ సెలెక్షన్‌లో మనం 30 పాస్కల్ మార్జిన్ ఉంచాం, అందులో ఇమిడిపోతుంది. ఇదే డక్ట్‌ని 40 మీటర్లు చదునుగా లాగమంటే నేను ఒప్పుకోను.

ఒక లోపం మనమే ఒప్పుకుని రాయాలి, 1200కి 250 అంటే నిష్పత్తి 4.8, మామూలుగా 4 దాటకుండా చూస్తాం. చిన్న ముక్క కాబట్టి సరే, కానీ 1200 వెడల్పు రేకు డప్పులా కొట్టుకుంటుంది, కిందకి జారుతుంది, అందుకని ఆ పీస్‌కి ఒక గేజ్ ఎక్కువ మందం ఉన్న రేకు, మధ్యలో లోపల టై రాడ్ పెట్టమని రాయి. హ్యాంగర్లు బీమ్‌కి కాదు, అటూ ఇటూ స్లాబ్‌కి బిగించాలి.

వెడల్పు ఇన్సులేషన్‌తో 1250 అవుతుంది, కారిడార్ 1800లో కేబుల్ ట్రే 300 పోతే ఇంకా 250 మిగులుతుంది, సరిపోతుంది, కానీ ఎలక్ట్రికల్ వాళ్లకి కాపీ పెట్టు. సీలింగ్ పైన కూడా స్ప్రింక్లర్లు ఉంటే ఫైర్ వాళ్లకి తప్పకుండా చూపించు, 1.2 మీటర్లు దాటిన డక్ట్ అంటే దాని కింద కూడా హెడ్ కావాలని వాళ్లు అడగొచ్చు.

జవాబులో మొదటి లైన్ నిర్ణయం, ఆ తర్వాతే కారణాలు. ఇలా మొదలుపెట్టు: "బీమ్‌కి ఓపెనింగ్ అనుమతించబడదు, సీలింగ్ లెవెల్ మారదు. బీమ్ దాటే చోట డక్ట్‌ని జతచేసిన స్కెచ్ ప్రకారం 1200 బై 250గా మార్చవలెను. సైట్‌లో కొలిచిన 362 ఎంఎం ఖాళీ ఆధారంగా ఈ నిర్ణయం తీసుకోబడినది." స్కెచ్‌లో సెక్షన్ ఒకటి చాలు, లెవెల్స్ వేసి. ఖర్చు గురించి అవునని గానీ కాదని గానీ నువ్వు రాయకు, అది కాంట్రాక్ట్ చూసేవాళ్ల పని.

పంపే ముందు ఇంకొకటి, అదే కారిడార్‌లో ఇంకో నాలుగు బీములు ఉన్నాయి, వాళ్లు ఒకదాని గురించే అడిగారు. ఆ నాలుగింటి కింద లెవెల్ కూడా రేపు పొద్దున కొలిపించు, ఏదైనా 355 కంటే తక్కువ వస్తే నాకు ఫోన్ చెయ్యి, పంపకుండా ఆపు.